స్క్రీన్‌షాట్లే నిండిన స్లయిడ్ల నుంచి విషయం రాబట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసుల్లో పని అప్పగించేటప్పుడు చాలామంది ఒక పీపీటీ ఇచ్చి వెళ్తారు. తెరిచి చూస్తే ముప్పై స్లయిడ్లుంటాయి, దాదాపు అన్నీ ఎక్సెల్ స్క్రీన్‌షాట్లే. పైన "Step 3" అనో "Issue" అనో ఒక ముక్క రాసి ఉంటుంది. ఇచ్చినవాళ్లు పక్కనుండి చెబుతుంటే అది చక్కగా అర్థమవుతుంది. వాళ్లు లేనప్పుడు మాత్రం బొమ్మలతోనే తంటాలు పడాలి. అకౌంట్స్ విభాగాల్లో ఇలాంటి ఫైళ్లను చదివి, మామూలు మాటల్లో నోట్సుగా మార్చే పని నాది. కొత్తగా చేరినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఫైలు చేతికొచ్చినప్పుడు

పీపీటీ అంతా బొమ్మలే ఉన్నాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొదటి స్లయిడ్ నుంచి చదవడం మొదలుపెట్టకండి. View లో Slide Sorter తెరిచి అన్ని స్లయిడ్లనూ చిన్నవిగా ఒకేసారి చూడండి. ఆ సైజులో అక్షరాలు కనపడవు, రంగులూ ఆకారాలూ మాత్రమే కనపడతాయి. ఇప్పుడు కావలసింది అదే. ఆకుపచ్చ ఎక్సెల్ బొమ్మలు ఎక్కడిదాకా ఉన్నాయి, బ్రౌజర్ బొమ్మలు ఎక్కడ మొదలయ్యాయి, ఒకే స్క్రీన్ వరసగా ఎన్నిసార్లు వచ్చింది అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. స్క్రీన్ మారిన చోటల్లా ఒక గీత గీసుకుని, ఆ భాగానికి మీకు తోచిన పేరు పెట్టండి. "పోర్టల్ నుంచి దించుకోవడం", "రెండు షీట్లు పోల్చడం", "తేడాలు సరిచేయడం" అన్నట్టు. ఆ పేర్లు తర్వాత మారినా ఫరవాలేదు. ఒక్కో బొమ్మ దేనికోసం పెట్టారో ఊహించడానికి ఈ విభజనే ఆధారం.

స్లయిడ్ మీద కనిపించని రాత ఇంకెక్కడైనా ఉంటుందా?

ఉంటుంది. చాలాసార్లు అసలు విషయమంతా అక్కడే దొరుకుతుంది. స్లయిడ్ కింద ఉండే Notes ముందు చూడండి. స్లయిడ్ ఖాళీగా పెట్టి, తాము మాట్లాడవలసింది నోట్స్‌లో రాసుకునేవాళ్లు ఎక్కువ. తర్వాత Review లో కామెంట్లు, ఎడమ వైపు వరసలో నంబరు మీద అడ్డగీత ఉన్న హిడెన్ స్లయిడ్లు చూడండి. బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి Alt Text కూడా తెరవండి. అక్కడ "A screenshot of a computer" అని మాత్రమే ఉంటే అది సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టింది, దాన్ని వదిలేయండి. మనిషి రాసిందైతే చదవగానే తెలిసిపోతుంది.

ఎక్కువమంది గమనించనిది ఇంకొకటుంది. పవర్‌పాయింట్‌లో బొమ్మను క్రాప్ చేస్తే కత్తిరించిన భాగం మామూలుగా పోదు, దాగి ఉంటుందంతే. క్రాప్ చేసిన భాగాలను తొలగించమని విడిగా చెబితేనే పోతుంది. కాపీ ఫైలులో బొమ్మను ఎంచుకుని Crop నొక్కితే, దాగిన భాగం మసక నీడలా బయటపడుతుంది. ఫైలు పేరు, షీట్ పేరు, కింది తేదీ నాకు ఎన్నోసార్లు అలాగే దొరికాయి.

నా దగ్గర పీడీఎఫ్ లేదా వాట్సాప్ ఫొటోలే ఉన్నాయి. సరిపోతాయా?

పని జరుగుతుంది గానీ, ముందు అసలు పీపీటీ ఫైలు కోసం ఒకసారి అడగండి. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు నోట్స్, కామెంట్లు మామూలుగా రావు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

స్లయిడ్‌లో బొమ్మ చిన్నగా, మసకగా ఉంది. జూమ్ చేసినా అంతే. ఏం చేయాలి?

స్లయిడ్ మీద చిన్నగా కనిపించినంత మాత్రాన లోపల కూడా చిన్నదే అనుకోనక్కర్లేదు. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. కాపీ తీసుకుని, చివర `.pptx` బదులు `.zip` అని పేరు మార్చి తెరిస్తే `ppt/media` అనే ఫోల్డరులో బొమ్మలన్నీ భద్రపరిచిన సైజులో ఉంటాయి. కమాండ్ వాడేవాళ్లకు:

```
unzip handover.pptx "ppt/media/*" -d bommalu
```

ఒక జాగ్రత్త. అక్కడ `image7.png` అని ఉన్నంత మాత్రాన అది ఏడో స్లయిడ్ బొమ్మ అనుకోకూడదు. ఆ నంబర్లకూ స్లయిడ్ల వరసకూ సంబంధం లేదు. ఏ స్లయిడ్‌లో ఏ బొమ్మ ఉందో కళ్లతో చూసి జత చేసుకుని, ఆ తర్వాతే స్లయిడ్ నంబరు పెట్టి పేరు మార్చుకోండి. ఫైలు సేవ్ చేసేటప్పుడే బొమ్మలు కుదించుకుపోయి ఉంటే మాత్రం ఈ దారిలోనూ కొత్తగా ఏమీ దొరకదు.

## అక్షరాలు బయటికి తీయడం

బొమ్మలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా ఇచ్చే ఓసీఆర్ పెడితే చెత్తచెత్తగా వస్తోంది. లోపం ఎక్కడ?

చాలావరకు లోపం బొమ్మ సైజులో ఉంటుంది. స్క్రీన్ మీది అక్షరం మన కంటికి స్పష్టంగానే ఉన్నా, దాని ఎత్తు పది పన్నెండు పిక్సెళ్లే ఉండొచ్చు. టెసరాక్ట్ లాంటి ఓసీఆర్‌కు అది చాలదు. మూడు రెట్లు పెంచి, రంగు తీసేసి ఇవ్వండి:

```
magick image7.png -resize 300% -colorspace Gray big.png
tesseract big.png out -l eng --psm 6
```

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలుంటే మొదటి లైన్లో `-negate` చేర్చి తిరగేయాలి. ఇంకా ముఖ్యంగా, స్క్రీన్ మొత్తం ఒకేసారి ఇవ్వకండి. మెనూలు, బటన్లు, టేబుల్, ఫార్ములా అన్నీ కలిపి ఇస్తే వరస కలగాపులగం అవుతుంది. టేబుల్ ఒక ముక్కగా, ఫార్ములా బార్ ఒక ముక్కగా కత్తిరించి ఇస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఫార్ములా ఒక్కటే కావాలంటే చేత్తో టైప్ చేసుకోవడమే త్వరగా అయిపోతుంది.

ఓసీఆర్ ఇచ్చిన దాంట్లో 0 ఏదో O ఏదో ఎలా తేల్చుకోవాలి?

అక్షరం ఆకారం చూసి తేల్చలేం. అది ఉన్న స్థానాన్ని బట్టి తేల్చాలి. మన ఆఫీసు స్క్రీన్‌షాట్లలో కనిపించే చాలా నంబర్లకు కచ్చితమైన కట్టడి ఉంటుంది. జీఎస్‌టీఐఎన్ తీసుకోండి. మొత్తం 15 స్థానాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది పాన్ నంబరు. అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ ఒక అక్షరం. నమూనాగా `37ABCDE1234F1Z5` చూడండి. పద్నాలుగో స్థానంలో మామూలుగా Z ఉంటుంది. ఓసీఆర్ దాన్ని తరచూ 2 అని చదువుతుంది. మూడు నుంచి ఏడు వరకు స్థానాల్లో సున్నా వచ్చిందంటే అది అంకె కాదు, చాలావరకు O. ఎనిమిది నుంచి పదకొండు వరకు S వచ్చిందంటే అది 5 అయ్యే అవకాశం ఎక్కువ. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో పదకొండు స్థానాలుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నానే.

ఇన్‌వాయిస్ నంబర్లకు ఇలాంటి కట్టడి ఉండదు, ఒక్కో పార్టీ ఒక్కోలా రాస్తుంది. వాటిని ఆ కాలమ్‌లో పైన కింద ఉన్నవాటితో పోల్చి చూడాలి. అప్పటికీ తేలకపోతే సందేహం గుర్తు పెట్టి వదిలేయండి.

స్క్రీన్‌షాట్‌లో తెలుగు కూడా ఉంది. ఓసీఆర్‌ను నమ్మొచ్చా?

`-l eng+tel` అని రెండు భాషలూ ఇస్తే చదువుతుంది, కానీ నమ్మి వదిలేయకండి. ప, వ, ఫ మధ్య తేడా చిన్న గీతలోనే ఉంది. వత్తులు చిన్న సైజులో అలుక్కుపోతాయి. పూర్ణానుస్వారం సున్నా అంకెలాగే ఉంటుంది కాబట్టి "రూ. 50" లాంటి చోట పొరపాటు కంటికి ఆనదు. తెలుగు నాలుగైదు పంక్తులకు మించకపోతే చూసి టైప్ చేసుకోండి.

## ఒక్క బొమ్మను చదవడం

ఎక్సెల్ స్క్రీన్‌షాట్‌లో ముందుగా ఏం చూడాలి?

కొత్తవాళ్ల కళ్లు మధ్యలోని టేబుల్ మీదికి పోతాయి. నేను అంచుల నుంచి మొదలుపెడతాను. పైన ఫైలు పేరు, కింద ఏ షీట్ ట్యాబ్ ఎంపికై ఉందో చూస్తే ఇది ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. ఎడమ పైమూల Name Box లో ఏ సెల్ ఎంచుకున్నారో ఉంటుంది. దాని పక్కన ఫార్ములా బార్‌లో ఆ సెల్ వెనకున్న లెక్క ఉంటుంది. స్లయిడ్ మీద ఇంతకన్నా విలువైన రాత ఇంకోటి ఉండదు. కింద స్టేటస్ బార్‌లో `Average`, `Count`, `Sum` ఉంటాయి. వరస నంబర్లు నీలం రంగులో, మధ్యలో కొన్ని దాటేసి 4, 9, 17 అని కనబడితే ఫిల్టర్ పెట్టి ఉందని అర్థం. మీరు చూస్తున్నది మొత్తం డేటా కాదు.

ఇవన్నీ చదివాక టేబుల్‌కు రండి. అప్పటికి అందులో ఏం వెతకాలో మీకు తెలిసి ఉంటుంది.

ఎర్ర వృత్తాలు, బాణాలు ఉన్నాయి గానీ ఏం చెప్తున్నారో తెలియట్లేదు.

స్క్రీన్‌షాట్‌లో ఉన్నదంతా సాఫ్ట్‌వేర్ చూపించింది. వృత్తం ఒక్కటే మనిషి చెప్పిన మాట. దాన్ని "ఇక్కడ చూడు" అని చదువుకోవాలి. కానీ అది "ఇక్కడ నొక్కు" కావచ్చు, "ఇక్కడ తప్పుంది" కూడా కావచ్చు. వృత్తంలో బటన్ ఉంటే నొక్కమని, విలువ ఉంటే గమనించమని అనుకోవడం చాలావరకు సరిపోతుంది.

వృత్తం ఖాళీ సెల్ చుట్టూ ఉందా? వృత్తం స్లయిడ్ మీద విడిగా గీసిన ఆకారమై ఉంటే, కింది బొమ్మను ఎవరో మార్చినప్పుడో పక్కకు జరిపినప్పుడో అది పాత చోటే ఉండిపోతుంది. అదే స్లయిడ్‌లో మిగతా బాణాలు కూడా ఒకే దిశలో ఒకే దూరం జరిగినట్టుంటే కారణం అదే. వాటన్నిటినీ అంతే వెనక్కి జరిపి చదువుకోండి.

క్యాప్షన్‌లో ఒకటుంది, బొమ్మలో ఇంకోటుంది. ఏది నమ్మాలి?

ఆ రోజు స్క్రీన్ మీద ఏం జరిగిందన్నదానికి బొమ్మను నమ్మాలి. ఎందుకు చేశారన్నదానికి క్యాప్షన్‌ను నమ్మాలి. పైన మార్చి అని రాసి, బొమ్మలో ఫిబ్రవరి పీరియడ్ కనిపిస్తే, పాత నెల స్లయిడ్‌ను కాపీ చేసి శీర్షిక మార్చి బొమ్మ మార్చడం మరిచారని అనుకోవచ్చు. పద్ధతి రెండు నెలలకూ ఒకటే కాబట్టి స్టెప్పులు పనికొస్తాయి. అంకెలు మాత్రం పనికిరావు. నోట్స్‌లో రెండూ రాసి, తేడా ఉందని చెప్పండి. మీరే ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని చెరిపేస్తే తర్వాత చదివేవాళ్లకు అనుమానించే అవకాశం కూడా ఉండదు.

## వరసగా ఉన్న స్లయిడ్లను కలిపి చదవడం

నాలుగు స్లయిడ్లు వరసగా ఉన్నాయి, ఒక్క వాక్యం లేదు. కథ ఎలా తేల్చాలి?

నిజంగా చేసిన ఒక పని చెబుతాను. ఒక ఆఫీసులో కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్‌టీఆర్-2బీతో సరిపోల్చే పని మీద పీపీటీ ఉంది. మన సరఫరాదారులు వేసిన ఇన్‌వాయిస్‌లు ప్రతి నెలా పోర్టల్ నుంచి వచ్చే ఆ పత్రంలో ఉన్నాయా లేదా అని చూడటమే ఆ పని. తొమ్మిదో స్లయిడ్ మీద "Issue" అని, పన్నెండో దాని మీద "OK" అని ఉంది. మధ్య రెండింటికీ శీర్షిక లేదు.

తొమ్మిదిలో F కాలమ్ అంతా `#N/A`. ఫార్ములా బార్‌ను ఓసీఆర్ `'28'!C:H` అని చదివింది. 28 అనే షీట్ ఏంటని ట్యాబ్‌లు చూస్తే అది 2B. సరిచేస్తే ఇలా ఉంది:

```
=VLOOKUP(B2,'2B'!C:H,6,FALSE)
```

అంటే B లోని ఇన్‌వాయిస్ నంబరును 2B షీట్ C కాలమ్‌లో వెతికి, అక్కడి నుంచి ఆరో కాలమ్, అంటే H లోని విలువ తెస్తోంది. అంతకుముందు ఐదో స్లయిడ్‌లో H శీర్షిక `Taxable Value` అని ఉంది. కాబట్టి వాళ్లు తేవాలనుకున్నది పన్ను వేయదగ్గ మొత్తం.

పదో స్లయిడ్‌లో B2 నుంచి B149 వరకు ఎంచుకుని, అడుగున స్టేటస్ బార్ మీద `Count: 148` చుట్టూ ఎర్ర వృత్తం గీశారు. 148లో ఏముందని చాలాసేపు చూశాను. తర్వాత తట్టింది. ఫైలు చేసినాయన చూపిస్తున్నది ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని. అంకెలున్న కాలమ్‌ను ఎంచుకుంటే `Average`, `Sum` కూడా రావాలి. `Count` ఒక్కటే వచ్చిందంటే ఆ నంబర్లు ఎక్సెల్ దృష్టిలో అంకెలు కావు, టెక్స్ట్. అయితే ఎవరైనా స్టేటస్ బార్‌లో `Sum` ఆపేసి పెట్టుకున్నా ఇలాగే కనబడుతుంది. అందుకని ఆరో స్లయిడ్‌కు వెళ్లి చూశాను. అక్కడ అదే ఫైలులో మొత్తాల కాలమ్ ఎంచుకున్నప్పుడు మూడూ ఉన్నాయి. B కాలమ్‌లో నంబర్లు ఎడమకు జరిగి, సెల్ మూలల్లో చిన్న ఆకుపచ్చ త్రికోణాలు కూడా ఉన్నాయి. ఎడమ వైపు అమరిక ఒక్కటే అయితే ఎవరో చేత్తో పెట్టి ఉండొచ్చు, త్రికోణం వేరే కారణానికీ రావచ్చు. మూడూ కలిశాక ఇక అనుమానం లేదు.

పదకొండులో Data లోని Text to Columns పెట్టె తెరిచి `Finish` మీద బాణం పెట్టారు. టెక్స్ట్‌గా ఉన్న నంబర్లను నిజమైన నంబర్లుగా మార్చడానికి అది వాడుకలో ఉన్న దారి. పన్నెండులో F నిండింది.

నోట్స్‌లో నేను రాసిన వాక్యం ఇది: "రిజిస్టరులో ఇన్‌వాయిస్ నంబర్లు టెక్స్ట్‌గా ఉండటం వల్ల 2B తో కలవలేదు, Text to Columns తో నంబర్లుగా మార్చాక కలిశాయి." అవి టెక్స్ట్‌గా ఎందుకు మారాయో స్లయిడ్లు చెప్పవు, కనుక రాయలేదు. పన్నెండులో ఇంకా రెండు వరసల్లో `#N/A` ఉంది. ఒకదాని నంబరులో అడ్డగీత ఉంది. సరఫరాదారు వేయలేదా, వేరేలా రాశారా అన్నది బొమ్మలో లేదు. ఫార్ములాలోనే కనిపించే ఒక ప్రమాదాన్ని కూడా చేర్చాను. వెతుకుతున్నది ఇన్‌వాయిస్ నంబరుతో మాత్రమే కాబట్టి, ఇద్దరు పార్టీలకు ఒకే నంబరు ఉంటే మొదట దొరికినదే వస్తుంది. పైగా 0045 లాంటి నంబరు ఈ మార్పిడిలో 45 అయిపోతుంది.

రెండు స్క్రీన్‌షాట్లు అచ్చం ఒకేలా ఉన్నాయి. తేడా కనిపెట్టేదెలా?

పక్కపక్కన పెట్టి చూస్తే దొరకదు. స్లయిడ్ షో పెట్టి ముందుకీ వెనక్కీ గబగబా నొక్కండి. మారిన చోటు మినుకుమంటుంది. బొమ్మలు వేర్వేరు చోట్ల ఉంటే కాపీలో ఒకే సైజుకు తెచ్చి, ఒకే చోట పెట్టాక చేయండి. తేడా అసలేమీ లేకపోతే అది పొరపాటున రెండుసార్లు అతికించింది కావచ్చు.

మధ్యలో ఒక స్టెప్ స్క్రీన్‌షాట్ తీయలేదని ఎలా తెలుస్తుంది?

ముందు బొమ్మ చివరి స్థితి, తర్వాతి బొమ్మ మొదటి స్థితి అతకాలి. ఒకదాంట్లో 148 వరసలుండి, తర్వాతి దాంట్లో 141 ఉంటే ఏడు వరసలు ఎక్కడో పోయాయి. డూప్లికేట్లు తీశారా, ఫిల్టర్ పెట్టారా? వరస నంబర్లు నీలంగా లేకపోతే ఫిల్టర్ కాదు, తీసేశారనే. కొత్త కాలమ్ ప్రత్యక్షమైనా, షీట్ ట్యాబ్ ఒకటి పెరిగినా అంతే. ఆ ఖాళీని మీ ఊహతో నింపకుండా "10కీ 11కీ మధ్య 7 వరసలు తగ్గాయి, ఎలాగో చూపలేదు" అని రాయండి.

## నోట్స్ రాసేటప్పుడు

నేను ఊహించింది, బొమ్మలో ఉన్నది కలిసిపోతున్నాయి. ఎలా విడదీయాలి?

ప్రతి వాక్యం ముందు మూడింట్లో ఒక గుర్తు పెట్టండి: కనిపించింది, తేల్చింది, అడగాలి. "F లో `#N/A` ఉంది" అన్నది కనిపించింది. "నంబర్లు టెక్స్ట్‌గా ఉన్నాయి" అన్నది తేల్చింది. దాని పక్కనే ఏ స్లయిడ్లు చూసి తేల్చారో రాయాలి. "మిగిలిన రెండు ఇన్‌వాయిస్‌లు ఏమయ్యాయి" అన్నది అడగాలి. తేల్చినవాటికి స్లయిడ్ నంబరు రాయలేకపోతున్నారంటే అది ఊహే, దాన్ని మూడో గుంపులోకి మార్చండి.

ఫైలు చేసినాయన ఉద్యోగం మానేశారు. సందేహాలు ఎవర్ని అడగాలి?

ముందు ఫైలు కాపీనే అడగండి. స్లయిడ్లలో చూపినట్టు పది వరసల నమూనా డేటాతో చేసి చూస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి. టెక్స్ట్‌గా రాసిన నంబర్లతో అదే `#N/A` వచ్చి, Text to Columns తర్వాత పోతే మీరు తేల్చింది సరైనదే.

అయినా మిగిలితే ఆయనకు ఫోన్ చేయొచ్చు. "ఆ పీపీటీ ఒకసారి వివరించండి సార్" అంటే ఎవరికైనా ఇబ్బందే. "సార్, పన్నెండో స్లయిడ్‌లో ఏడో వరస `#N/A` గానే వదిలేశారు, కావాలనేనా?" అంటే నిమిషంలో జవాబు వస్తుంది.

స్క్రీన్‌షాట్లలో పార్టీల బ్యాంకు నంబర్లు ఉన్నాయి. నోట్స్‌తో పాటు బొమ్మలు పంచుకోవచ్చా?

అలాగే పంచుకోకండి. వాటిని బయటి ఆన్‌లైన్ ఓసీఆర్ సైట్లలోకి ఎక్కించడం కూడా వద్దు, మీ కంప్యూటర్లోనే నడిచేది వాడండి. నంబరు మీద నల్ల పెట్టె గీసి పంపితే, పవర్‌పాయింట్‌లో ఎవరైనా ఆ పెట్టెను పక్కకు లాగి చూడొచ్చు. క్రాప్ చేసినా కత్తిరించిన భాగం లోపల ఉండిపోవచ్చు. పెయింట్ లాంటి దాంట్లో ఆ భాగాన్ని ఒకే రంగుతో నింపి, కొత్త బొమ్మగా సేవ్ చేసి, పాత బొమ్మ తీసేసి దీన్ని పెట్టండి. చివరగా ఆ ఫైలు కాపీకి `.zip` అని పేరు మార్చి `ppt/media` తెరిచి, పాత బొమ్మ అక్కడ లేదని చూసుకున్నాకే పంపండి.